85 శాతం అంటే దేనిలో? కన్సల్టెంట్ల బిల్లబుల్ టార్గెట్ లెక్క కట్టే పద్ధతి

(హైదరాబాద్, మాదాపూర్‌లో కన్సల్టింగ్ సంస్థల డెలివరీ మేనేజర్లు, రిసోర్స్ మేనేజర్లను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సాయంత్రం ట్రాఫిక్ దాటుకుని వచ్చారు కాబట్టి మీ సమయం వృథా చేయకుండా నేరుగా లెక్కలోకి వెళ్దాం.

మీలో చాలామంది దగ్గర ఒక ఎక్సెల్ షీట్ ఉంటుంది. ప్రతి కన్సల్టెంట్ పేరు ఎదురుగా ఒకటే అంకె ఉంటుంది: 85%. ఇది ఎలా వచ్చింది అని అడిగితే, పోయినేడాది 82 పెట్టాం, ఈసారి మూడు పెంచాం అంటారు. సరే, 85 శాతం దేనిలో అని అడిగితే మాత్రం ఒకే కంపెనీలో మూడు జవాబులు వస్తాయి. ఫైనాన్స్ వాళ్లు ఏడాదికి 2080 గంటలు అంటారు. హెచ్‌ఆర్ వాళ్లు పండగ సెలవులు తీసేసి చెప్తారు. ప్రాజెక్ట్ మేనేజర్ ఏమో మనిషి ఆఫీసులో ఉన్న గంటల్లో అనుకుంటాడు. ఈ ముగ్గురూ ఒకే మీటింగులో కూర్చుని 85 గురించి గంటసేపు మాట్లాడుకుంటారు, కానీ ముగ్గురి మనసులో ఉన్నవి మూడు వేరు వేరు టార్గెట్లు.

యుటిలైజేషన్ అంటే బిల్లు చేసిన గంటల్ని అందుబాటులో ఉన్న గంటలతో భాగించడమే. పైన ఉన్న అంకె గురించి అందరూ పట్టించుకుంటారు, టైమ్‌షీట్లు చూస్తారు, ఇన్‌వాయిస్‌తో సరిపోల్చుకుంటారు. కింద ఉన్న అంకె దగ్గరే తప్పు జరుగుతుంది. ఈరోజు నేను చెప్పేదంతా ఆ కింది అంకె గురించీ, దాని నుంచి టార్గెట్ ఎలా దిగుతుందన్న దాని గురించీ.

ముందు ఆ 2080 సంగతి. 52 వారాలు, వారానికి 40 గంటలు, గుణిస్తే 2080. ఇందులో ఉగాది లేదు, సంక్రాంతి లేదు, జ్వరం లేదు, పెళ్లి లేదు. గుణకారం సులువు కాబట్టి వాడుకలో నిలిచిపోయింది, అంతే. దాన్ని పక్కన పెట్టి 2026 క్యాలెండర్ తీసుకుందాం. ఈ ఏడాదిలో సోమవారం నుంచి శుక్రవారం దాకా వచ్చే రోజులు 261. ఇక పండగలు. న్యూ ఇయర్, సంక్రాంతి, రిపబ్లిక్ డే, ఉగాది, మే డే, జూన్ 2 తెలంగాణ అవతరణ దినం, వినాయక చవితి, గాంధీ జయంతి, దసరా, క్రిస్మస్. ఇలా ఒక మామూలు హైదరాబాద్ ఆఫీసు జాబితా తీసుకుంటే ఈ ఏడాది పనిరోజుల్లో పడేవి పది. ఆగస్టు 15 శనివారం వచ్చింది, దీపావళి ఆదివారం వచ్చింది, కాబట్టి ఆ రెండూ లెక్కలోకి రావు. వచ్చే ఏడాది ఈ లెక్క మారుతుంది. అందుకే పాత షీట్ కాపీ చేసుకోకుండా ఏటా కొత్తగా లెక్కించాలి. ఎక్సెల్‌లో అయితే పండగల తేదీలు ఒక షీట్‌లో పెట్టుకుని ఈ ఒక్క ఫార్ములా రాస్తే చాలు:

```
=NETWORKDAYS(DATE(2026,1,1),DATE(2026,12,31),Holidays!A2:A11)
```

జవాబు 251 వస్తుంది. మీ కంపెనీ రంజాన్‌కీ బోనాలకీ కూడా సెలవిస్తే అవి కలిపి, జాబితా ఎంత కిందికి దిగితే ఆ రేంజ్ కూడా అంత కిందికి జరపాలి. చాలామంది ఇక్కడే మర్చిపోతారు. పదకొండో సెలవు రాస్తారు గానీ ఫార్ములా A11 దగ్గరే ఆగిపోయి ఉంటుంది.

తర్వాత వ్యక్తిగత సెలవులు. ఇక్కడ పాలసీలో రాసి ఉన్న సెలవులు తీసేయకండి. పోయిన ఏడాది మీవాళ్లు నిజంగా వాడినవి తీసేయండి. పాలసీలో ముప్పై ఉండొచ్చు, సగటున వాడేది పద్దెనిమిది ఉండొచ్చు. అది మీ హాజరు రికార్డులోనే దొరుకుతుంది. మన ఉదాహరణకి ఆ పద్దెనిమిదే తీసుకుందాం. 251లో 18 పోతే 233 రోజులు. రోజుకి 8 గంటలు అంటే 1864 గంటలు. ఒక కన్సల్టెంట్ ఈ ఏడాది మీకు అందుబాటులో ఉండే గంటలు ఇవే. 2080 కాదు, 1864.

ఇప్పుడు ఆ పాత టార్గెట్‌ని ఈ అంకె పక్కన పెట్టి చూడండి. 2080లో 85 శాతం అంటే 1768 గంటలు బిల్లు చేయాలి. మనిషి ఉండేదే 1864. మిగిలేవి 96 గంటలు. 233 రోజులంటే దాదాపు 47 పని వారాలు; 96ని 47తో భాగించండి, వారానికి రెండు గంటలు. బిల్లు కాని పనులన్నిటికీ కలిపి వారానికి రెండే గంటలు! సోమవారం టీమ్ మీటింగ్ ఒక గంట, టైమ్‌షీటూ అంతర్గత మెయిళ్లూ ఇంకో గంట, అయిపోయింది. ఏడాది మొత్తంలో ఒక్క ట్రైనింగ్ రోజు లేదు, ఒక్క ప్రపోజల్ లేదు, రెండు ప్రాజెక్టుల మధ్య ఒక్క రోజు ఖాళీ లేదు. మనం 85 అని రాశామే గానీ, ఆ మనిషిని నిజంగా అడిగింది తన గంటల్లో 95 శాతం. డిసెంబర్‌లో అప్రైజల్ ఫారమ్‌లో టార్గెట్ అందుకోలేదు అని రాసేటప్పుడు ఈ భాగహారం ఎవరూ చేయరు. నాకు బాధ కలిగించేది అదే.

మరి ఎంత అడగొచ్చు? పై నుంచి శాతం దించకుండా, కింది నుంచి గంటలు తీసుకుంటూ పోదాం. 1864 గంటల్లో బిల్లు చేయలేని పనులు ఏమున్నాయి? నేను చెప్పే అంకెలు ఉదాహరణకి, ఒక ఈఆర్‌పీ ఇంప్లిమెంటేషన్ టీమ్‌లో మధ్యస్థాయి కన్సల్టెంట్‌ని దృష్టిలో పెట్టుకుని చెప్తున్నాను. మీవి మీ టైమ్‌షీట్ల నుంచి తీసుకోండి.

మీటింగులు, టైమ్‌షీట్, అప్రైజల్ లాంటి వాటికి వారానికి రెండు గంటలు, ఏడాదికి 93. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా నేర్చుకోవడానికి, సర్టిఫికేషన్‌కి ఐదు రోజులు, 40 గంటలు. ప్రపోజల్ రాయడం, డెమో చూపించడం, ఎస్టిమేట్ ఇవ్వడం ఇంకో 40. ఇంటర్వ్యూలు తీసుకోవడం, కొత్తవాళ్లకి చెప్పడం 24. మొత్తం 197.

దాని తర్వాత బెంచ్. ఒక ప్రాజెక్ట్ గో-లైవ్ అయ్యాక ఇంకోటి ఆ మర్నాడే మొదలవదు. అమ్మకాల టీమ్ ఎంత గట్టిగా ఉన్నా, ఎస్‌ఓడబ్ల్యూ మీద క్లయింట్ సంతకం ఒక వారం జరగడం మామూలే. ఏడాదికి రెండుసార్లు ఎనిమిదేసి పనిరోజులు అనుకుందాం, 128 గంటలు. ఇక్కడ ఒక జాగ్రత్త. బెంచ్ మీద ఉన్న మనిషి ఊరికే కూర్చోడు. ఆ రోజుల్లోనే ప్రపోజల్ పనీ, ఇంటర్వ్యూలూ చేస్తాడు. అందులో 48 గంటలు ఇప్పటికే మనం పైన లెక్కేసినవే అనుకుంటే, కొత్తగా తీసేయాల్సింది 80 మాత్రమే. ఈ కలిసిపోయే గంటల్ని చూసుకోకపోతే రెండుసార్లు కోసినట్టవుతుంది, అప్పుడు టార్గెట్ మరీ తక్కువ వస్తుంది. టార్గెట్ తేలికైపోవడం కూడా తప్పే కదా, అది కంపెనీ జీతాల మీద పడుతుంది.

ఇంకొకటి హైదరాబాద్‌కి ప్రత్యేకమైనది, చాలామంది షీట్లలో ఉండనిది. మనలో ఎక్కువమంది అమెరికా క్లయింట్లకి పని చేస్తాం. వాళ్ల సెలవులు మనకి సెలవులు కావు. మే 25 మెమోరియల్ డే. జూలై 4 ఈసారి శనివారం వచ్చింది కాబట్టి 3వ తేదీ శుక్రవారం సెలవుగా పాటిస్తారు. సెప్టెంబర్ 7 లేబర్ డే. నవంబర్ 26 థ్యాంక్స్‌గివింగ్, ఆ మర్నాటి శుక్రవారం కూడా చాలా ఆఫీసులు మూసే ఉంటాయి. ఈ ఐదు రోజులూ మన వాళ్లు క్యాబ్ ఎక్కి వస్తారు, సీట్లో కూర్చుంటారు. కానీ టైమ్ అండ్ మెటీరియల్ కాంట్రాక్ట్ అయితే ఆరోజు గంటలకి క్లయింట్ ఒప్పుకోకపోవచ్చు. మన పండగలకి మనం సెలవు తీసుకుంటాం, అదీ బిల్లు కాదు. వాళ్ల పండగలకి వాళ్లు తీసుకుంటారు, అదీ బిల్లు కాదు. రెండు క్యాలెండర్ల దెబ్బా ఒకే మనిషి మీద పడుతుంది. ఐదు రోజులు, 40 గంటలు. కాంట్రాక్టులో సెలవుల అనుబంధం తీసి ఒకసారి చదవండి. కొన్నిటిలో ఆఫ్‌షోర్ క్యాలెండరే వర్తిస్తుందని ఉంటుంది, అప్పుడు ఈ 40 తీయక్కర్లేదు.

197, 80, 40 కలిపితే 317. 1864లో 317 పోతే 1547. ఇదీ ఆ మనిషి న్యాయంగా బిల్లు చేయగలిగిన గంటలు. 1864తో భాగిస్తే 83 శాతం. అదే 1547ని 2080తో భాగించి చెప్తే 74 శాతం. చూడండి, పని ఒకటే, మనిషి ఒకడే, ఒక షీట్‌లో 83, ఇంకో షీట్‌లో 74. పక్క కంపెనీ వాళ్లకి 83 వస్తోందట, మనకెందుకు 74 అని ఎవరైనా అడిగితే, ముందు వాళ్లు దేనితో భాగించారో కనుక్కోండి.

ఇక్కడిదాకా మనం లెక్కేసింది సాధ్యమైన గంటలు. కంపెనీ యజమాని దగ్గర ఇంకో లెక్క ఉంటుంది, కావలసిన గంటలు. ఈ రెండూ వేరు. రెండూ కాగితం మీద పక్కపక్కన పెట్టకపోవడమే అసలు గొడవకి మూలం.

కావలసిన గంటలు ఇలా వస్తాయి. ఆ కన్సల్టెంట్‌కి జీతం, పీఎఫ్, ఇన్సూరెన్స్, సీటు అద్దె, లైసెన్సులు, పైవాళ్ల ఖర్చులో వాటా అన్నీ కలిపి ఏడాదికి 24 లక్షలు అనుకుందాం. బిల్లింగ్ రేటు గంటకి 2,000 రూపాయలు. 24 లక్షలు రాబట్టడానికి 1200 గంటలు చాలు. అది 1864లో 64 శాతం. ఆ గీత దాటితేనే నష్టం లేనట్టు. కానీ కంపెనీకి ఆదాయం మీద 25 శాతం మిగలాలి. అంటే 24 లక్షలు అన్నది ఆదాయంలో 75 శాతం కావాలి, ఆదాయం 32 లక్షలు ఉండాలి. 2,000తో భాగిస్తే 1600 గంటలు. కావలసినవి 1600, సాధ్యమైనవి 1547. తేడా 53 గంటలు.

చాలా చోట్ల ఏం చేస్తారంటే, 1600ని 1864తో భాగించి 86 శాతం అని రాసి ఆ కన్సల్టెంట్‌కి పంపేస్తారు. ఆ 53 గంటలు అతని దగ్గర లేవు. బెంచ్ ఎప్పుడు వస్తుందో అతని చేతిలో లేదు, అమెరికా సెలవులు అతని చేతిలో లేవు, రేటు అతని చేతిలో లేదు. తన చేతిలో లేనివాటికి అతనికి రేటింగ్ తగ్గుతుంది. ఆ తేడాని పూడ్చగలిగేది మేనేజర్లే, అంటే ఈ గదిలో ఉన్న మనమే.

ఎలాగో చూద్దాం. ఆ ఐదు అమెరికా సెలవు రోజుల్నే ట్రైనింగ్ రోజులుగా పెట్టండి. జనవరిలోనే క్యాలెండర్‌లో బ్లాక్ చేసేయండి. ట్రైనింగ్‌కి విడిగా తీసేసిన 40 గంటలు వెనక్కి వచ్చేస్తాయి. 1547 కాస్తా 1587 అవుతుంది. ఎవరూ ఒక్క నిమిషం ఎక్కువ పని చేయలేదు. ఇక మిగిలింది 13 గంటలు. అది రేటులో చూసుకోవచ్చు: 32 లక్షల్ని 1587తో భాగిస్తే 2,016 చిల్లర. కాంట్రాక్ట్ రెన్యువల్‌లో గంటకి 17 రూపాయలు పెంచితే సరిపోతుంది. రేటు పెరగదంటే, అమ్మకాల టీమ్ బెంచ్‌ని ఏడాదికి రెండు రోజులు తగ్గించినా సరిపోతుంది. ఇలా విడదీసి చూస్తే 53 గంటల సమస్య ఎవరి ముందుకు వెళ్లాలో తెలుస్తుంది. శాతంలో దాచి పెడితే తెలియదు.

ఇక నెలవారీ టార్గెట్. 1547ని 12తో భాగించి నెలకి 129 గంటలు అని పెట్టేస్తారు. జనవరి చూడండి. పనిదినాలు 22. న్యూ ఇయర్, సంక్రాంతి, రిపబ్లిక్ డే పోతే 19. సంక్రాంతికి ఊరు వెళ్లేవాళ్లు భోగి ముందు నుంచో, కనుమ తర్వాతి దాకానో ఇంకో మూడు రోజులు పెట్టుకుంటారు. విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర ఆ వారం బండ్లు బారులు తీరుతాయని మనందరికీ తెలిసిందే, మన టీమ్‌లో సగం మంది ఆ వరసలోనే ఉంటారు. మిగిలేవి 16 రోజులు, 128 గంటలు. టార్గెట్ 129! ఆ నెలలో నూటికి నూరు గంటలు బిల్లు చేసినా ఒక గంట తక్కువే. అదే జూలైలో 23 పనిదినాలు, మన పండగ ఒక్కటీ లేదు. ఒక రోజు సెలవు తీసినా 176 గంటలు. అక్కడ 129 అంటే 73 శాతమే, మరీ తేలిక.

కాబట్టి నెలకి గంటల్ని సమంగా పంచకండి. శాతాన్ని స్థిరంగా ఉంచి, ఆ నెలలో ఉన్న గంటలకి అన్వయించండి. 83 శాతం చొప్పున జనవరికి 106, జూలైకి 146. జనవరి రివ్యూలో తలలు దించుకోవాల్సిన పని ఉండదు, జూలైలో ఎవరైనా వెనకపడితే అది కనపడుతుంది కూడా. మామూలుగా సమాన పంపకంలో జరిగే నష్టం ఈ రెండోదే. జనవరి గొడవ అందరికీ వినపడుతుంది, జూలైలో జారిపోయిన గంటలు ఎవరికీ వినపడవు.

టీమ్ లీడ్‌లకి అదే 83 పెట్టడం ఇంకో పొరపాటు. ఆరుగురు కింద ఉన్న లీడ్‌కి ఒక్కొక్కరితో వారానికి అరగంట మాట్లాడితే మూడు గంటలు. ఎస్టిమేట్లకి నాలుగు, నియామకాలకి రెండు. వారానికి తొమ్మిది గంటలు అదనం, ఏడాదికి సుమారు 420. 1547లో తీసేస్తే 1127, అంటే 60 శాతం. ఆరుగురు కన్సల్టెంట్లు 83 చొప్పున, లీడ్ 60 చొప్పున కలిపితే టీమ్ మొత్తానికి 80 శాతం దగ్గర వస్తుంది. ఫైనాన్స్‌కి ఇవ్వాల్సిన అంకె ఈ 80. లీడ్‌కి కూడా 83 పెడితే అతను చేసేది ఒకటే, ఆ అరగంట మాటలు మానేస్తాడు. ఎవరు రాజీనామా పెట్టబోతున్నారో అతనికి ముందు తెలిసే దారి మూసుకుపోతుంది.

టార్గెట్ తప్పుగా ఉందని ఎలా తెలుస్తుంది? టైమ్‌షీట్లే చెప్తాయి. ఒక నెల డేటా తీసి చూడండి. అందరికీ ప్రతిరోజూ సరిగ్గా 8.0 గంటలు, అన్నీ క్లయింట్ కోడ్ మీదే ఉన్నాయంటే, అవి పని చేస్తూ రాసినవి కావు, శుక్రవారం సాయంత్రం గుర్తు తెచ్చుకుని నింపినవి. ట్రైనింగ్ కోడ్‌లో మూడు నెలలుగా సున్నా ఉందంటే ట్రైనింగ్ జరగలేదని కాదు, దాన్ని క్లయింట్ కోడ్‌లో దాచారని అర్థం. టార్గెట్ అందుకోవడానికి మనిషి చేసే మొదటి పని అదే. టైమ్ అండ్ మెటీరియల్ ప్రాజెక్ట్ అయితే ఆ గంటల్ని క్లయింట్ ప్రశ్నిస్తాడు, చివరికి మాఫీ చేయాల్సి వస్తుంది. ఫిక్స్‌డ్ ప్రైస్ అయితే ఇంకా ప్రమాదం. యుటిలైజేషన్ 90 చూపిస్తుంది, వచ్చే డబ్బు మాత్రం అంతే ఉంటుంది. 400 గంటల్లో అయిపోవాల్సిన పనికి 520 గంటలు పడినట్టు రికార్డులో ఉంటుంది. మరుసటి ప్రపోజల్‌కి ఎస్టిమేట్ వేసేవాళ్లు ఆ 520ని చూసి వేస్తారు. అప్పుడు ధర ఎక్కువైపోయి ఆర్డర్ పోతుంది. అందుకే ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టుల్లో ఎన్ని గంటలు రాశారో కాక, ఒప్పుకున్న మైలురాయికి ఎన్ని గంటలు విలువ కట్టామో అన్ని గంటల్నే బిల్లబుల్‌గా లెక్కపెట్టండి.

పది గంటలు పని చేసినవాళ్లకి 125 శాతం చూపించే షీట్లు కూడా ఉన్నాయి. క్లయింట్ రోజుకి ఎనిమిది గంటలే ఒప్పుకునే కాంట్రాక్ట్ అయితే ఆ రెండు గంటలకి రూపాయి రాదు. పైన వేసే అంకె బిల్లు అయిన గంటలు, చేసిన గంటలు కాదు. అదనంగా చేసిన గంటల్ని వేరే కాలమ్‌లో తప్పకుండా చూడండి, ఎందుకంటే అక్కడ ఎస్టిమేట్ తప్పిందని తెలుస్తుంది. యుటిలైజేషన్‌లో మాత్రం కలపకండి.

సెలవుల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. సెలవు గంటల్ని కింది అంకెలోంచి తీయని షీట్‌లో, సెలవు పెట్టిన ప్రతి రోజూ ఆ మనిషి శాతం పడిపోతుంది. పన్నెండు రోజులు తీసుకున్నవాడికంటే నాలుగు రోజులు తీసుకున్నవాడు మంచి కన్సల్టెంట్‌గా కనపడతాడు. మూడు నెలల్లో జనం అది గమనిస్తారు, సెలవులు దాచుకుంటారు, మార్చిలో ఒక్కసారిగా టీమ్‌లో ముగ్గురు మాయమవుతారు. ప్రసూతి సెలవులో ఉన్నవాళ్ల పేరు టార్గెట్ షీట్‌లో సున్నాతో ఉండటం నిజంగా తప్పు. ఆ నెలలకి వాళ్ల అందుబాటు గంటలే సున్నా. సున్నాని సున్నాతో భాగించకూడదు, ఆ వరసే రావొద్దు. తిరిగి వచ్చిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది.

(సభ నుంచి ప్రశ్న: కొత్తగా చేరినవాళ్లకీ, నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాళ్లకీ ఎంత పెట్టాలండీ?)

మంచి ప్రశ్న అడిగారమ్మా. కొత్తగా చేరినవాళ్లకి చేరిన తేదీ నుంచి NETWORKDAYS వేయండి, పూర్తి ఏడాది కాదు. మొదటి నాలుగు వారాలు ఆన్‌బోర్డింగ్, టార్గెట్ సున్నా. ఆ తర్వాతి నాలుగు వారాలు సగం. చాలా ప్రాజెక్టుల్లో మొదట షాడోగా పెడతాం కదా, క్లయింట్ షాడోకి డబ్బివ్వడు. షాడో గంటలకి విడిగా ఒక కోడ్ పెట్టండి, బెంచ్‌లో కలపకండి. బెంచ్ అంటే పని లేకపోవడం, షాడో అంటే పని ఉండి బిల్లు లేకపోవడం. మొదటిది అమ్మకాల టీమ్ చూసుకోవాలి, రెండోది కాంట్రాక్ట్ రాసేటప్పుడు మాట్లాడుకోవాలి.

నోటీస్ పీరియడ్ తొంభై రోజులైతే, మొదటి రెండు నెలలు మామూలు టార్గెట్టే ఉంచొచ్చు. చివరి మూడు వారాలు కేటీలో పోతాయి. అక్కడ వెళ్లేవాడూ వచ్చేవాడూ ఇద్దరూ ఒకే పని మీద కూర్చుంటారు, క్లయింట్ ఒకరికే డబ్బిస్తాడు. పదిహేను రోజులకి రోజుకి ఎనిమిది చొప్పున 120 గంటలు బిల్లు కావు. మీ టీమ్‌లో పోయినేడాది ఎంతమంది మారారో హెచ్‌ఆర్ దగ్గర ఉంటుంది. ఏడుగురిలో ఒక్కరు మారినా ఆ 120 గంటల్ని టీమ్ లెక్కలో ముందే పెట్టుకోండి, మనిషికి 17 గంటలు పడుతుంది, దాదాపు ఒక శాతం. నేను ఇందాక వేసిన 83లో అది లేదు. మీ షీట్‌లో 82 వేసుకోండి.